లైసెన్స్ ఉంది కదా అనుకున్నాను

"వీసా సంగతి మొదటి కాల్‌లోనే చెప్పి ఉండాల్సింది" అంది ఆ రిక్రూటర్, రెండు ఇంటర్వ్యూలు అయ్యాక. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక తయారీ సంస్థలో డిజైన్ ఇంజనీర్ ఉద్యోగం అది. విదేశీయుల్ని పనిలోకి తీసుకోవడానికి ప్రభుత్వ లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితాలో ఆ సంస్థ పేరు చూసే అప్లై చేశానని చెప్పాను. "పేరు పక్కన రూట్ ఏమని ఉంది?" అని అడిగింది.

ఫోన్ పెట్టేశాక మళ్లీ చూశాను. gov.uk లో దొరికే ఆ జాబితాలో చివరి గడి Route. అక్కడ కొత్తవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే Skilled Worker అని లేదు, Global Business Mobility: Senior or Specialist Worker అని మాత్రమే ఉంది. అంటే విదేశాల్లోని తమ శాఖల నుంచి తమ ఉద్యోగుల్ని రప్పించుకోవడానికే ఆ లైసెన్స్. ఆ సంస్థ బయటి నుంచి వచ్చే నాలాంటి కొత్తవాణ్ణి దాని కింద తీసుకోలేరు. నాలుగు నెలలుగా పేరు చూసి ఆగిపోయాను, ఆ గడి దాకా వెళ్లలేదు.

వీసా సంగతి ముందే చెప్పాల్సిందన్న ఆమె మాట మనసుకు గుచ్చుకుంది. మోసం చేద్దామని కాదు, ముందు పని చూపిస్తే మిగతావి వాళ్లే సర్దుకుంటారని నమ్మాను. మన దగ్గర చాలా పనులు అలాగే అవుతాయి. ఇక్కడ సర్దడానికి మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు.

లైసెన్స్ సరైనదే అయినా జీతం దగ్గర ఆగిపోవచ్చు. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు ఉండాలి. ఆ వృత్తికి ప్రభుత్వం పెట్టిన రేటు ఇంకా ఎక్కువైతే దాన్నీ అందుకోవాలి. నాలా ఇక్కడే చదివి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాళ్లకు, 26 ఏళ్లలోపు వాళ్లకు కొత్తవాళ్ల లెక్క వర్తిస్తుంది. అప్పుడు కనీసం 33,400 చాలు, వృత్తి రేటులో కూడా 70 శాతం ఉంటే సరిపోతుంది.

పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఆరేళ్లుగా డిజైన్ ఇంజనీర్, వయసు 29. మొన్న పన్నెండు ప్రకటనలు పంపాడు, చూసిపెట్టమని. ముందు రూట్ గడి చూశాను, ఐదు పోయాయి. మిగిలిన ఏడింటిలో ఒకటి 36,000 ఇస్తానంటోంది. వాడికి అన్నివిధాలా నప్పే పని. కానీ ఆ జీతానికి నాకు దారి ఉండొచ్చు గానీ, నాకంటే అనుభవం ఎక్కువున్న వాడికి లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. చివరికి 41,700 దాటినవి రెండే తేలాయి. ఆ రెండు కంపెనీలకూ మొదటి మెయిల్‌లోనే, బయటి దేశం నుంచి వచ్చేవాళ్లకు స్పాన్సర్ చేస్తారా అని అడగమన్నాను.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. "నువ్వు అక్కడే ఉన్నావు కదరా, వాళ్లకి ఒక మాట చెప్పలేవా?"