ఆ పచ్చ క్యాండిల్ నాదే

నిఫ్టీ షేర్ల చార్టులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. సపోర్టు, బ్రేకవుట్, వాల్యూమ్ అనే మూడింటినీ నమ్మి ఎన్నోసార్లు నష్టం తప్పించుకున్నాను. ఆ నమ్మకంతోనే సొలానా అనే బ్లాక్‌చెయిన్ మీద పుట్టిన ఒక మీమ్‌కాయిన్ చార్టు తెరిచాను. ఒకే ధర దగ్గర మూడుసార్లు ఆగి పైకి లేచింది. నాలుగోసారి మంచి వాల్యూమ్‌తో పైగీత దాటింది. సొలానా సొంత కాయిన్ అయిన సోల్‌లో 2 పెట్టి కొన్నాను. మరుక్షణమే పచ్చ క్యాండిల్ పడి ధర 4 శాతం పెరిగింది. నా అంచనా నిజమైందని సంతోషించాను.

ఆ రాత్రి రెండు నిమిషాల్లో ధర నాలుగో వంతుకు పడిపోయింది. అమ్మితే అర సోల్ కూడా చేతికి రాలేదు. ఆ నష్టాన్ని పన్నులో వేరే కాయిన్ లాభంతో సరిపెట్టుకోవడానికీ మన చట్టం ఒప్పుకోదు.

నిద్ర పట్టక ఆ లెక్క విప్పడం మొదలుపెట్టాను. షేరు మార్కెట్‌లో కొనేవాడికి ఎదురుగా అమ్మేవాడు ఉంటాడు. ఇక్కడ ఎదురుగా ఉన్నది ఒక పూల్. అందులో ఒకవైపు సోల్, మరోవైపు ఆ కాయిన్లు ఉంటాయి. రుసుము పక్కన పెడితే, ఈ రెండు రాశుల లబ్ధం మారకుండా ఉండేలా ధర దానంతట అదే జరుగుతుంది. నేను కొన్నప్పుడు పూల్‌లో 100 సోల్, 10 కోట్ల కాయిన్లు ఉన్నాయి. నా 2 సోల్ చేరి అది 102 అయింది. సోల్ 1.02 రెట్లయి, కాయిన్లు అదే నిష్పత్తిలో తగ్గడంతో ధర 1.02 వర్గం రెట్లయింది, అంటే 4 శాతం పెరిగింది. నన్ను మురిపించిన ఆ క్యాండిల్ మార్కెట్ ఇచ్చిన సంకేతం కాదు, నా కొనుగోలే. అదే పూల్‌లో ఎవరైనా 10 సోల్ పెడితే ధర 21 శాతం లేస్తుంది. ఒక్క మనిషి ఒక్క మీట నొక్కితే బ్రేకవుట్ తయారైపోతుంది.

మరి ఆ వాల్యూమ్? 24 గంటల్లో 3,000 సోల్ చేతులు మారినట్టు కనిపించింది. పూల్‌లో ఉన్నదానికి అది 30 రెట్లు. ఇలాంటి కాయిన్ల చార్టులు చూపే DEX Screener లో లావాదేవీల జాబితా కిందికి జరుపుతూ పోతే అవే ఐదారు వాలెట్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకటి 1.5 సోల్‌కు కొంటుంది, కొన్ని సెకన్లకే మరొకటి దాదాపు అంతే అమ్ముతుంది. రుసుము 0.25 శాతమైతే, ఈ 3,000 సోల్ వాల్యూమ్ చూపించడానికి అయ్యే ఖర్చు 7.5 సోల్. వాల్యూమ్ ఇంత చవకగా దొరికే చోట దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. ఈ ధరల మీద లెక్కగట్టే ఆర్ఎస్ఐ కూడా అంతే.

కొనేముందు నేనూ కొంత జాగ్రత్త పడ్డాననే అనుకున్నాను. పూల్‌లోని సొమ్ము వెనక్కి తీసుకునే హక్కునిచ్చే టోకెన్లను ఇక వాడలేకుండా కాల్చేశారని చూశాను. అంటే పూల్‌ను ఎత్తుకుపోలేరు. కాయిన్లు చేతిలో ఉన్నవాళ్లు అమ్మడాన్ని మాత్రం అది ఆపదు. మొత్తం 100 కోట్ల కాయిన్లలో ఏ వాలెట్ దగ్గరా 2 శాతానికి మించి లేవని తృప్తిపడ్డాను. సొలానా లావాదేవీలన్నీ చూపే Solscan లో, 2 శాతం చొప్పున ఉన్న ఐదు పెద్ద వాలెట్లకు మొదటి సోల్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, ఐదింటికీ ఒకే వాలెట్ నుంచి, ఒకే రోజు వచ్చింది. ఐదు రెండ్లు పది. ఆ 10 కోట్ల కాయిన్లు పూల్‌లో పడగానే కాయిన్లు రెట్టింపై, సోల్ సగమై, ధర నాలుగో వంతుకు దిగింది. తెరమీద 100 సోల్‌కు పైగా విలువ చూపిన ఆ కాయిన్లకు వాళ్లకు వచ్చింది కూడా దాదాపు 50 సోలే. మార్కెట్ క్యాప్ అనే అంకె వెనుక నిజంగా ఉన్న డబ్బు ఎంతో నాకు అప్పుడు తెలిసింది.

కొన్ని వారాల తర్వాత విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోను చేసి మరో కాయిన్ చూపించాడు. 4 సోల్ పెడతానన్నాడు. ఈసారి చార్టు కంటే ముందు పూల్ చూశాను. 40 సోల్ ఉంది. వాడి డబ్బుకే ధర 21 శాతం కదులుతుంది. పెద్ద వాలెట్ల మూలం వెతికితే డబ్బు ఒక ఎక్స్ఛేంజి నుంచి వచ్చినట్టు ఉంది. ఎక్స్ఛేంజి దాకా వెళ్లాక జాడ ఆగిపోతుంది. ఎవరికి వారు వేర్వేరు మనుషులా, ఒక్కడేనా అన్నది బయటి నుంచి తేల్చలేము.

"చార్టులో సపోర్టు అంత గట్టిగా కనిపిస్తోంది కదా అన్నయ్యా?" అని అడిగాడు.

ధర ఆగిన మూడు సమయాలూ రాసుకుని, ఆ నిమిషాల్లో కొన్నదెవరో జాబితాలో చూడమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కో వాలెట్ చిరునామాలో చివరి నాలుగు అక్షరాలు చదివి వినిపించాడు. మూడుసార్లూ అవే అక్షరాలు.