రేషియోనా, ఓబిటరా? గుర్నామ్ కౌర్ కేసు ఒక్కటి పట్టుకుని నేను చదివిన పద్ధతి

జూనియర్ సివిల్ జడ్జి మెయిన్స్‌కి చదివేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ప్రిసిడెంట్, అంటే పాత తీర్పు తర్వాతి కేసుల్ని ఎంతవరకు కడుతుంది అనే టాపిక్ గురించే. రేషియో డిసిడెండై అంటే తీర్పు నిలబడ్డ కారణం, ఓబిటర్ డిక్టా అంటే మాటల్లో మాటగా జడ్జిగారు అన్నది, ఇంతవరకు అందరికీ వచ్చు. కానీ ఒక తీర్పు చేతిలో పెట్టి ఇందులో కింది కోర్టుని కట్టిపడేసేది ఏదో చెప్పమంటే అప్పుడు మొదలవుతుంది తిప్పలు, ఎందుకంటే ఏ జడ్జిగారూ ఇక్కడి నుంచి ఇక్కడి దాకా రేషియో అని గీత గీసి ఇవ్వరు కదా. నేనైతే పది కేసుల పేర్లు బట్టీ పట్టడం మానేసి ఒకే కేసుని నమిలి మింగాను, అది మున్సిపల్ కార్పొరేషన్ ఆఫ్ ఢిల్లీ వర్సెస్ గుర్నామ్ కౌర్, తీర్పు 1988లో వచ్చింది, (1989) 1 ఎస్‌సీసీ 101లో దొరుకుతుంది. చిన్న తీర్పే, ఒక సాయంత్రం చాలు.

కథ ఇది. ఢిల్లీలో ఇర్విన్ హాస్పిటల్ గేటు దగ్గర పేవ్‌మెంట్ మీద గుర్నామ్ కౌర్ చిన్న వ్యాపారం పెట్టుకుంది. కార్పొరేషన్ వాళ్ళు ఖాళీ చేయించారు. ఆమె హైకోర్టుకి వెళ్ళింది. అంతకుముందు జమునా దాస్ అనే కేసులో ఇలాంటి పేవ్‌మెంట్ వ్యాపారులకే స్టాల్స్ కట్టించి ఇవ్వమని సుప్రీంకోర్టు ఆర్డర్ ఇచ్చి ఉంది. హైకోర్టు ఆ ఆర్డర్ చూసి, ఆర్టికల్ 141 ప్రకారం ఇది మాకు బైండింగ్, కాబట్టి ఈమెకి కూడా స్టాల్ కట్టించి ఇవ్వండి అంది. కార్పొరేషన్ సుప్రీంకోర్టుకి అప్పీల్ వేసింది, గెలిచింది.

ఇక్కడే మా రూమ్మేట్ తమ్ముడు ఆగిపోయాడు. "అదేంటన్నా, సుప్రీంకోర్టు ఆర్డర్‌నే కదా హైకోర్టు ఫాలో అయింది, మరి తప్పెలా అవుతుంది?" అన్నాడు. నేను వాడికి ఆర్టికల్ 141 ఇంకోసారి చదవమన్నా. సుప్రీంకోర్టు "ప్రకటించిన చట్టం" అన్ని కోర్టులకీ బైండింగ్ అని ఉంది అందులో, సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రతి ఆర్డరూ అని లేదు. జమునా దాస్‌లో ఆర్డర్ అయితే ఉంది, చట్టం ప్రకటించింది ఎక్కడ? ఆ ఆర్డర్ రెండు పక్షాల సమ్మతితో వచ్చింది. సమ్మతితో ఆర్డర్ ఇచ్చినప్పుడు కోర్టు ఎవరి హక్కునీ తేల్చదు, ఏ సూత్రమూ పెట్టదు, వాళ్ళు ఒప్పుకున్నదానికి ముద్ర వేస్తుంది అంతే. పైగా వాదనలు జరగలేదు, ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 1957లో వీధిలో కట్టడాలు నిషేధించే సెక్షన్ 320, వాటిని తీసేయించే అధికారమిచ్చే సెక్షన్ 322 ఉన్నాయి, వాటి ఊసే లేదు, ఏ పాత తీర్పునీ ఎత్తలేదు. అందుకే జస్టిస్ ఏ.పి. సేన్ గారు అది సబ్ సైలెన్షియోగా వెళ్ళిపోయిన నిర్ణయం అన్నారు, అంటే ఆ పాయింట్ కోర్టు ముందుకి రాకుండానే, కోర్టు దాని మీద మనసు పెట్టకుండానే ఫలితం వచ్చేసింది.

దీనికి ఆ తీర్పులోనే ఒక పాత ఇంగ్లీషు ఉదాహరణ ఉంది, మెయిన్స్‌లో రాస్తే బరువుంటుంది. 1936లో జెరార్డ్ వర్సెస్ వర్త్ ఆఫ్ పారిస్. ఒక కంపెనీ మూతపడి లిక్విడేటర్ చేతిలో ఉంది, ఆ కంపెనీ నుంచి డబ్బు రావాల్సిన మనిషి, లిక్విడేటర్ పేరు మీదున్న బ్యాంకు ఖాతాని అటాచ్ చేయమని అడిగాడు. కోర్టులో వాదించింది ఒక్కటే పాయింట్, ఆ బాకీకి మిగతావాటి కంటే ముందు స్థానం ఉందా లేదా అని. కోర్టు ఆర్డర్ ఇచ్చేసింది. అసలు లిక్విడేటర్ ఖాతా మీద అలాంటి ఆర్డర్ ఇవ్వొచ్చా అని ఎవరూ అడగలేదు. తర్వాత లాంకాస్టర్ మోటార్ కంపెనీ కేసులో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది, అప్పుడు అదే కోర్ట్ ఆఫ్ అప్పీల్ మా పాత తీర్పు మమ్మల్ని ఈ పాయింట్ మీద కట్టదు అంది. ఫలితం చూస్తే ఆ పాయింట్ కూడా తేలిపోయినట్టే కనిపిస్తుంది, కానీ తేల్చలేదు.

ఇప్పుడు తిరగేసి చూసే పరీక్ష, వాంబో టెస్ట్ అంటారు. తీర్పులో బైండింగ్ అని మీకు అనిపించిన వాక్యాన్ని తీసుకుని దాని అర్థాన్ని తలకిందులు చేయాలి, అప్పుడు కూడా ఫలితం అదే వస్తుందా అని అడగాలి. ఫలితం మారకపోతే అది రేషియో కాదు. జమునా దాస్ మీద పెట్టి చూడండి. "పేవ్‌మెంట్ వ్యాపారికి స్టాల్ పొందే హక్కుంది" అనేదాన్ని "హక్కు లేదు" అని తిప్పండి. ఆర్డర్ మారుతుందా? మారదు, ఎందుకంటే కార్పొరేషన్ ఒప్పుకుంది కాబట్టి స్టాల్స్ వస్తాయి. సో ఆ హక్కు అనేది రేషియో కానే కాదు. అదే పరీక్ష గుర్నామ్ కౌర్ తీర్పు మీద పెట్టండి, సమ్మతి ఆర్డర్ కూడా బైండింగే అని తిప్పితే హైకోర్టు చేసింది రైట్ అయిపోతుంది, కార్పొరేషన్ అప్పీల్ ఓడిపోతుంది. అంటే సబ్ సైలెన్షియో గురించి కోర్టు చెప్పిందంతా మాటవరసకి అన్నది కాదు, అదే ఆ కేసు రేషియో. ఈ కేసు నాకు ఇష్టం అవడానికి కారణం ఇదే, ప్రిసిడెంట్ గురించి చెప్పిన మాట ఇక్కడ స్వయంగా ప్రిసిడెంట్ అయింది.

కాకపోతే ఈ టెస్ట్‌ని గుడ్డిగా నమ్మొద్దు. ఒకే ఫలితానికి కోర్టు రెండు వేర్వేరు కారణాలు ఇచ్చిందనుకోండి, ఉదాహరణకి లిమిటేషన్ దాటిపోయింది కాబట్టి దావా కొట్టేస్తున్నాం, మెరిట్స్ మీద కూడా నిలబడదు అని. మొదటిదాన్ని తిప్పినా రెండోది ఫలితాన్ని మోస్తుంది, రెండోదాన్ని తిప్పినా మొదటిది మోస్తుంది, టెస్ట్ ప్రకారం రెండూ ఓబిటర్ అయిపోవాలి, కానీ అలాంటప్పుడు కోర్టులు రెండింటినీ రేషియోగానే తీసుకుంటాయి. ఈ లిమిట్ ఒక్క వాక్యంలో రాసేయండి, టెస్ట్ నిజంగా అర్థమైందని దిద్దేవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకో తికమక, సుప్రీంకోర్టు ఓబిటర్ హైకోర్టుకి బైండింగా అని. ప్రిలిమ్స్ ఆప్షన్లలో "ఓబిటర్ ఎప్పుడూ బైండింగ్ కాదు" అని కనిపిస్తే వెంటనే టిక్ పెట్టొద్దు. 2007లో ఓరియంటల్ ఇన్సూరెన్స్ వర్సెస్ మీనా వారియల్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, ఆ ప్రశ్న మీద తమ నేరుగా వచ్చిన తీర్పు వేరే ఎక్కడా లేనప్పుడు తమ ఓబిటర్ హైకోర్టులకి బైండింగ్ కావొచ్చు అని, కానీ సుప్రీంకోర్టుని మాత్రం అది కట్టదు. ఆ "నేరుగా తీర్పు లేనప్పుడు" అన్న ముక్క వదిలేస్తే ఆన్సర్ సగమే.

చదివేటప్పుడు నేను చేసే పని సింపుల్. హెడ్ నోట్ ముందు చూడను, అది రిపోర్టర్ రాసింది, కోర్టు రాసింది కాదు, కొన్నిసార్లు ఓబిటర్‌ని కూడా హెల్డ్ కింద పెట్టేస్తారు. మొదట చివరి పేజీలో ఆపరేటివ్ ఆర్డర్ చదువుతా, ఎవరు గెలిచారో తెలుస్తుంది, తర్వాత వెనక్కి వచ్చి ఏ ప్రశ్న మీద లాయర్లు వాదించారో పెన్సిల్‌తో గీస్తా, ఆ ప్రశ్నకి కోర్టు ఇచ్చిన జవాబు ఏ పేరాలో ఉందో దాని పక్కన ఆర్ అని రాస్తా. బెంచ్‌లో ఎంతమంది ఉన్నారో పైన మార్జిన్‌లో వేస్తా, ఎందుకంటే తర్వాత పెద్ద బెంచ్ వేరేగా చెప్పి ఉంటే ఎంత చక్కటి రేషియో అయినా పనికిరాదు. "బై కన్సెంట్", "ఈ కేసు ప్రత్యేక పరిస్థితుల్లో", "ఆర్టికల్ 142 కింద" అన్న మాటలు తగిలిన చోట సున్నా చుడతా, ప్రాబ్లమ్ క్వశ్చన్ తయారుచేసేవాళ్ళు ఇలాంటి మాటనే ఫ్యాక్ట్స్ మధ్యలో దాచిపెడతారు.