సేల్స్ ఇంటర్వ్యూలో నేను ఏం అడుగుతాను, ఏం చూస్తాను: నా అనుభవం

మా టీమ్‌లో రెండు సేల్స్ ఉద్యోగాలు ఖాళీ అయినప్పుడు వాటిని భర్తీ చేసే పని నా మీద పడింది. అమ్మాల్సింది చిన్న వ్యాపారాలకు బిల్లింగ్, స్టాక్ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్. ఒక్క ఫోన్‌తో తెగే బేరం కాదు. మొదటిసారి మాట్లాడాక డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది. మధ్యలో ఎన్నోసార్లు కస్టమర్ ఫోనే ఎత్తడు. అక్కడికక్కడే తేలిపోయే అమ్మకాలైతే నేను చెప్పబోయే వాటిలో సగం పనికి రాకపోవచ్చు, అందుకే ఇది ముందే చెబుతున్నాను.

ప్రకటన ఇవ్వకముందు, మా దగ్గర బాగా అమ్ముతున్న ఇద్దరి కాల్ రికార్డింగులు కూర్చుని విన్నాను. ఒకాయన గలగలా మాట్లాడతాడు, ఇంకొకావిడ పొదుపుగా మాట్లాడుతుంది. మాటతీరులో పోలికే లేదు. కానీ ఇద్దరూ కస్టమర్ చేత ఎక్కువ మాట్లాడిస్తున్నారు. కస్టమర్ ఏదైనా కష్టం చెప్పగానే పరిష్కారం చెప్పేయకుండా, "అది జరిగినప్పుడు మీరేం చేస్తారు?" అని ఇంకో ప్రశ్న వేస్తున్నారు. తర్వాత ఎప్పుడు మాట్లాడుకోవాలో తేదీ తేల్చుకోకుండా ఫోన్ పెట్టడం లేదు. పైగా అంతకుముందు మేనేజర్ చెప్పిన సవరణ ఆ తర్వాతి కాల్స్‌లో వినిపిస్తోంది. దాంతో నా కాగితం మీద మూడు విషయాలు మిగిలాయి: అడిగి తెలుసుకోవడం, ఫాలోఅప్ తప్పకపోవడం, చెబితే విని మార్చుకోవడం.

"సేల్స్‌కి మాటే లేకపోతే ఎలా అండీ?" అని మా హెచ్ఆర్ మేడం అడిగారు. మాట కావాలి, కాదనను. ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే గేటు దాటినట్టే. గేటు దాటాక మాత్రం మాటకు వేరే మార్కులు పెట్టొద్దన్నాను. ఇంటర్వ్యూలో అభ్యర్థి తనకు బాగా తెలిసిన సరుకు గురించి, అంటే తన గురించే, మర్యాదగా తలూపే వాళ్ల ముందు మాట్లాడతాడు. ఉద్యోగంలో అలాంటి శ్రోతలు దొరకరు. అక్కడ ఎదుటివాడు వేరే పనిలో ఉంటాడు, విసుక్కుంటాడు, మధ్యలో ఫోన్ పెట్టేస్తాడు. 2013లో ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫోన్‌లో అమ్మే 340 మంది మూడు నెలల్లో తెచ్చిన ఆదాయాన్ని వాళ్ల స్వభావంతో పోల్చి చూశాడు. బాగా కలుపుగోలుగా ఉండేవాళ్లు కాదు, అటు మరీ కలుపుగోలూ కాక ఇటు మరీ ముభావమూ కాక మధ్యలో ఉన్నవాళ్లు ఎక్కువ తెచ్చారు. వాళ్లు మాట్లాడతారు, ఆగి వింటారు కూడా అన్నది ఆయన వివరణ. మా ఇద్దరి రికార్డింగులు విన్నాక అది నాకు వింతగా అనిపించలేదు.

తర్వాతి పని ప్రశ్నలు రాసుకోవడం. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస. ఒక్కో జవాబుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. రెండు అంటే ఎలాంటి జవాబు, నాలుగు అంటే ఎలాంటిది అని పక్కనే ఒక్కో వాక్యం రాసుకున్నాం. ఇంటర్వ్యూ చేసే ఇద్దరమూ ఎవరి మార్కులు వాళ్లు వేసేశాకే మాట్లాడుకోవాలని నియమం పెట్టుకున్నాం. ఇందులో చాదస్తం కనిపించవచ్చు. కానీ ఈ నియమం లేకపోతే అభ్యర్థి తలుపు దాటగానే ఒకరు "కుర్రాడు హుషారుగా ఉన్నాడు" అంటారు, రెండోవాళ్ల పెన్ను అటే వంగుతుంది. "ఈ పెన్ను నాకు అమ్మండి" అనే ప్రశ్న కూడా ఉండాలని ఒక సహోద్యోగి పట్టుబట్టారు. ఒప్పుకోలేదు. దానికి సిద్ధమై రాని అభ్యర్థిని నేనింతవరకు చూడలేదు.

మొదటి పెద్ద ప్రశ్న అంకెల గురించి. "పోయిన ఏడాది మీ టార్గెట్ ఎంత, ఎంత చేశారు?" అక్కడితో ఆపితే ఎవరూ తక్కువ చెప్పరు. అసలు ప్రశ్నలు ఆ తర్వాతే ఉంటాయి. ఆ కస్టమర్లు ఎలా వచ్చారు? వాళ్లే ఫోన్ చేశారా, మీరు వెతికి పట్టుకున్నారా? కొత్తవాళ్లెందరు, పాతవాళ్ల రెన్యువల్స్ ఎన్ని? మీ టీమ్‌లో ఎందరు, మీరు ఎన్నో స్థానంలో ఉన్నారు?

చివరికి మిగిలిన వాళ్లలో ఒకబ్బాయి, ఒకమ్మాయి గురించి చెబుతాను. అబ్బాయి లోపలికి వస్తూనే గదిని తనవైపు తిప్పుకున్నాడు. టార్గెట్ 20 ఖాతాలట, 22 చేశాడట. తవ్వితే అందులో 15 రెన్యువల్స్, అవి కూడా ముందు పనిచేసినాయన తెచ్చిన కస్టమర్లవి. సొంతంగా తెచ్చినవి ఏడు. వాటిలో ఎక్కువ భాగం కంపెనీ ప్రకటన చూసి వాళ్లే ఫోన్ చేసినవి. అతను అబద్ధం చెప్పలేదు. నూటపది శాతం అన్నది నిజమే. కాకపోతే మా ఉద్యోగంలో రెన్యువల్స్ వేరే టీమ్ చూసుకుంటుంది. అమ్మాయికి 12 కొత్త ఖాతాల టార్గెట్, 10 చేసింది. "టార్గెట్ అందలేదండి" అని ముందే చెప్పింది. ఆ పదింటిలో ఎనిమిది తను జాబితా తయారు చేసుకుని ఫోన్లు చేసి తెచ్చినవి. ఎన్ని ఫోన్లకు ఒకరు కలవడానికి ఒప్పుకునేవారో, కలిసిన ఎందరిలో ఒకరు కొనేవారో తడుముకోకుండా చెప్పింది. తన పని లెక్క తన దగ్గర ఉన్నవాళ్లకే ఈ జవాబు వస్తుంది. ఇంటర్వ్యూకి ముందురోజు కంఠతా పట్టినా, కింద రెండు ప్రశ్నలు వేస్తే అంకెలు ఒకదానికొకటి పొసగవు.

జవాబుల్లో "మేం చేశాం", "మేం ఒప్పించాం" అని వినిపించినప్పుడల్లా "అందులో మీరు చేసిందేమిటి?" అని అడుగుతాను. నిజంగా చేసినవాళ్లకు ఈ ప్రశ్న ఇష్టం, చెప్పుకుంటూ పోతారు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించింది రోల్‌ప్లేకి. ఒక పేజీ కాగితం ముందురోజే పంపాం: కస్టమర్ హోల్‌సేల్ వ్యాపారి, ఇప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడు, పది నిమిషాలు టైమ్ ఇచ్చాడు. వ్యాపారి వేషం నాది. కాగితంలో లేని మూడు సంగతులు నా జేబులో ఉంటాయి. ఒకటి, నిర్ణయం నాది కాదు, మా అకౌంటెంట్‌ది. రెండు, పాత డేటా పోతుందేమోనని భయం. మూడు, పాత కంపెనీ వాళ్లు పిలిస్తే పలకరు. అడిగితే చెబుతాను, అడగకపోతే నోరు విప్పను. ఎవరు ఎన్ని రాబట్టారన్నది లెక్కపెట్టుకోవచ్చు కాబట్టి, మాటల మెరుపుకు మార్కులు వేసే ప్రమాదం తగ్గుతుంది.

అబ్బాయి ఫీచర్లతో మొదలుపెట్టాడు. చక్కగా చెప్పాడు కూడా. నేను "రేటు ఎక్కువ" అన్నాను. ఎందుకు ఎక్కువనిపించిందో అడగకుండానే డిస్కౌంట్ ఇచ్చేశాడు. మూడింటిలో ఒక్కటీ బయటికి రాలేదు. అమ్మాయి కాస్త టెన్షన్‌గా ఉంది, మొదటి వాక్యం తడబడింది. తర్వాత "ఇప్పుడు వాడుతున్నదాంట్లో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టేదేంటి సార్?" అని అడిగి ఊరుకుంది. నేనూ కావాలనే ఊరుకున్నాను. ఆ నిశ్శబ్దాన్ని తను మాటలతో నింపలేదు. సపోర్ట్ సంగతి చెప్పాల్సి వచ్చింది. డేటా భయం కూడా రాబట్టింది. అకౌంటెంట్ దాకా మాత్రం వెళ్లలేదు.

ఇక్కడితో ఆపితే సగమే తెలుస్తుంది. ఐదు నిమిషాలు విరామం ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక మెచ్చుకోలు, రెండు సవరణలు చెప్పాం. తర్వాత అదే సన్నివేశం మళ్లీ చేయమన్నాం. అబ్బాయికి చెప్పినవి: ముందు మూడు ప్రశ్నలు అడుగు, రేటు గురించి మాట వస్తే కారణం తెలుసుకో. "గుడ్ పాయింట్ సార్" అన్నాడు. రెండోసారి మూడు ప్రశ్నలూ గబగబా అడిగాడు, కానీ జవాబులు వినలేదు. నేను డేటా గురించి భయం చెబుతుండగానే మొదటిసారి చెప్పిన ఫీచర్లలోకి వెళ్లిపోయాడు. అమ్మాయికి నిర్ణయం ఎవరిదో కనుక్కోమన్నాం. తర్వాతి మీటింగ్ తేదీ తేల్చుకోమన్నాం. రెండోసారి "ఇది మార్చాలంటే మీరు కాక ఇంకెవరు సరే అనాలి?" అని తన మాటల్లో అడిగింది. అకౌంటెంట్ అని చెప్పగానే, ఆయన కూడా ఉండేలా గురువారం కలుద్దామా అంది. మొదటిసారికీ రెండోసారికీ మధ్య మార్పుకు మేం విడిగా మార్కులు వేస్తాం, ఎక్కువ బరువు కూడా దానికే. మొదటి ప్రదర్శనలో పాత శిక్షణ కనిపిస్తుంది. ఆ తేడాలో, రేపు మనం నేర్పితే ఏమవుతుందన్నది కనిపిస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. నాటకం అంటేనే బిగుసుకుపోయే మంచి అమ్మకందారులున్నారు. అలాంటివాళ్లు రెండోసారి కాస్త తేరుకుంటారు, అయినా అందరూ కాదు. ఇక ఫాలోఅప్ అలవాటు గదిలో కనిపించదు. దానికోసం వెళ్లేటప్పుడు చిన్న పని చెబుతాం: ఇప్పుడు మాట్లాడిన "వ్యాపారి"కి రేపు సాయంత్రంలోగా నాలుగైదు వాక్యాల మెసేజ్ పంపండి. అంతకుమించి ఉచితంగా పని చేయించుకోవడం అన్యాయం. అబ్బాయి నుంచి గడువు దాటాక బ్రోచర్ వచ్చింది. అమ్మాయి మెసేజ్‌లో అకౌంటెంట్ సంగతి, డేటా మార్పిడి సంగతి, గురువారం మీటింగ్ ఉన్నాయి. ఒక అక్షరదోషం కూడా ఉంది, దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

రిఫరెన్స్ కాల్స్‌లో "ఎలా పనిచేసేవారు?" అని అడిగితే అందరూ మంచివాళ్లే. "అవకాశం ఉంటే మళ్లీ తీసుకుంటారా? ఏ పనికి?" అని అడుగుతాను. అబ్బాయి పాత మేనేజర్ "పాత కస్టమర్లను చూసుకోవడానికైతే కళ్లు మూసుకుని తీసుకుంటా" అన్నారు. ఆ మాట పట్టుకుని అతని వివరాలు మా రెన్యువల్స్ టీమ్‌కు పంపాను. వాళ్లు తీసుకున్నారు.

మా రెండు ఖాళీల్లో ఒకటి అమ్మాయికి వెళ్లింది. రెండోది మరో అభ్యర్థికి ఇచ్చాం. ఆయన మంచి మాటకారే. కానీ మా మూడు సంగతులూ రాబట్టాడు. మాట ఉండటం ఎవరికీ అనర్హత కాదు.

తర్వాత మార్కుల షీట్లు పారేయలేదు. అప్పటినుంచి చేరిన వాళ్ల మార్కులను, వాళ్లు మొదటి ఆరు నెలల్లో తెచ్చిన కొత్త ఖాతాలతో పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. కొద్దిమందే కాబట్టి గట్టిగా ఏమీ తేల్చలేం. ఇప్పటికైతే రోల్‌ప్లే మార్పుకు వేసిన మార్కులు ఫలితాలతో కలుస్తున్నాయి, అంకెల ప్రశ్న కూడా ఫర్వాలేదు. "చేజారిన ఒక అమ్మకం గురించి చెప్పండి" అనే ప్రశ్నకు మాత్రం ఎవరైనా అందమైన కథే చెబుతున్నారు, దానికి వచ్చిన మార్కులకూ ఫలితాలకూ సంబంధం కనిపించలేదు. ఇప్పుడు దాన్ని మార్చాం: "చేజారాక ఆ కస్టమర్‌కి మళ్లీ ఎప్పుడు ఫోన్ చేశారు, ఆయన ఏమన్నాడు?"