ఐస్‌లో సరిగ్గా సున్నా, గుడ్ల దగ్గర దాదాపు అర డిగ్రీ తేడా

నాటుకోడి గుడ్డు 21వ రోజుకి పగలాలి. నేను చేసుకున్న ఇంక్యుబేటర్‌లో పోయిన విడత 22వ రోజు సాయంత్రం మొదలై 23వ రోజు దాకా సాగింది. లోపల ఫ్యాన్ ఉంది, సెట్టింగ్ 37.5 డిగ్రీలు, స్క్రీన్ మీద అంకె కూడా అక్కడే నిలబడింది. గుడ్లు పగలడం ఆలస్యమైతే ముందు అనుమానించాల్సింది వేడి తక్కువైందేమోనని. అంటే లోపలి వేడి కొలిచే ప్రోబ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తూ ఉండాలి. అందుకే ఈ నెల గుడ్లు పెట్టడం ఆపి ప్రోబ్ సంగతి చూశాను.

నా దగ్గరున్నవి మూడు DS18B20 ప్రోబ్‌లు. 6 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడవున్న స్టీలు గొట్టంలో సెన్సర్ ఉంటుంది. −10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చని డేటాషీట్‌లోనే రాసి ఉంది. ఇంక్యుబేటర్‌లో ఉండేదానికి A అని, మిగతా రెంటికి B, C అని టేపు అంటించాను.

మొదటి ఆదివారం ఐస్ పరీక్ష. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, ఫ్రిజ్‌లోంచి నాలుగు ఐస్ ముక్కలు వేసి ప్రోబ్ ముంచాను. 1.4 వచ్చింది. కాస్త పైకి లాగితే 0.6, అడుక్కి తోస్తే 2.5. ఫోన్‌లో చెప్తే మా బావమరిది, "బావా, ఐస్ పైన తేలుతోంది, నువ్వు కింద నీళ్లని కొలుస్తున్నావు" అన్నాడు. వాడు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తాడు. నిజమే. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి, ఆ బరువైన నీళ్లు అడుక్కి చేరతాయి. గ్లాసులో ఐస్ ఉన్నంత మాత్రాన గ్లాసంతా సున్నా కాదు.

రెండోసారి పద్ధతిగా చేశాను. ఆర్‌ఓ నీళ్లతో ఐస్ గడ్డ కట్టించి, మందపాటి గుడ్డలో మూటకట్టి రోకలితో బియ్యపు నూక కన్నా కాస్త పెద్ద పలుకులు అయ్యేదాకా దంచాను. వెడల్పు మూతి ఉన్న థర్మాస్ ఫ్లాస్క్‌లో అడుగు నుంచి అంచు దాకా కూరి, సందులు నిండేంత వరకే చల్లటి ఆర్‌ఓ నీళ్లు పోశాను. ఐస్ తేలడం మొదలైతే నీళ్లు ఎక్కువైనట్టు, వంచేయాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ −18 దగ్గర ఉంటుంది కాబట్టి పొడిగా, తెల్లగా కనిపించినంతసేపు అది సున్నా కాదు. పలుకులు తడిసి, గాజులా మెరిసి, చెంచాతో తిప్పితే తడి ఇసకలా కదలాలి. అప్పటికి 15 నిమిషాలు పట్టింది. ప్రోబ్‌ని ఫ్లాస్క్ నడుమ దించి, చుట్టూ ఐస్ అదిమి, అంకె కదలకుండా అయిదు నిమిషాలు నిలిచాక రాసుకున్నాను. A: 0.0625. B: 0.3125. C: −0.125. అదే రోజు ఐస్ మార్చి ఇంకో రెండుసార్లు చేస్తే ఒక మెట్టు మించి తేడా రాలేదు. ఈ సెన్సర్ అంకె కదిలే అతి చిన్న మెట్టు 0.0625 డిగ్రీ.

బోరు నీళ్లు వాడితే ఏమవుతుందని లెక్క వేశాను. లీటరుకి ఒక గ్రాము ఉప్పు కరిగి ఉంటే సున్నా దాదాపు 0.06 డిగ్రీ కిందికి జారుతుంది. నా ప్రోబ్‌కి అది ఒక్క మెట్టు, అంతకన్నా మంచి థర్మామీటర్ చూసేవాళ్లకి మాత్రం అది లెక్కే.

A ప్రోబ్ నిర్దోషి అనుకుని గుడ్లు పెట్టేయబోయాను. మళ్లీ బావమరిదే ఆపాడు. ఐస్ సున్నా దగ్గరే సాక్ష్యం చెప్తుంది, గుడ్లుండేది 37.5 దగ్గర. మరిగే నీళ్లు రెండో సాక్షిగా పనికిరావు. ఊరి ఎత్తుని బట్టి మరుగు మారుతుంది, పైగా ఈ సెన్సర్ హామీ 85 దాకానే.

అందుకే డ్రై బ్లాక్, అంటే రంధ్రాల్లో ప్రోబ్‌లు దించి ఒకే వేడి దగ్గర నిలిపే లోహపు దిమ్మ. 50 మిల్లీమీటర్ల లావు, 130 పొడవు అల్యూమినియం కడ్డీ ముక్క దొరికింది. బరువు 700 గ్రాముల లోపు. అడుగున త్రీడీ ప్రింటర్లలో వాడే 12 వోల్టుల, 40 వాట్ల హీటర్, చుట్టూ థర్మోకోల్. ఇంట్లో ఉన్న డ్రిల్‌తో 8 మిల్లీమీటర్ల రంధ్రాలే వేయగలిగాను, లోతు 35కి మించలేదు. పక్కన సన్న రంధ్రంలో బావమరిది తెచ్చిన 3 మిల్లీమీటర్ల PT100 రిఫరెన్స్ పెట్టాను, మిగతావాటిని పోల్చి చూసుకునే నమ్మకమైన థర్మామీటర్ అది. దాని సర్టిఫికెట్‌లో అనిశ్చితి 0.05 డిగ్రీ. దాన్ని కూడా ముందు ఐస్‌లో ముంచి చూశాం, 0.02 వచ్చింది. కాబట్టి దారిలో దెబ్బ తినలేదు.

రిఫరెన్స్ 37.50 దగ్గర నిలిచినప్పుడు A 37.625 చూపించింది. తేడా 0.125. ఇది కూడా బాగానే ఉందే అనిపించింది. కానీ ప్రోబ్ గొట్టం 15 మిల్లీమీటర్లు బయట ఉంది, గది 29 డిగ్రీలు, ఫ్యాన్ తిరుగుతోంది. ప్రోబ్‌ని ఇంకో 10 మిల్లీమీటర్లు పైకి లాగాను. అంకె 0.1875 పడిపోయింది. ఇదే ఆనవాలు. లోతు మారితే అంకె మారుతోందంటే, స్టీలు గొట్టం బ్లాక్ వేడిని పైకి మోసుకుపోతోంది, చుట్టూ ఉన్న గాలి సందు ఆ వేడిని తిరిగి నింపలేకపోతోంది. ప్రోబ్ కొలుస్తున్నది బ్లాక్‌ని కాదు, బ్లాక్‌కీ గదికీ మధ్య ఎక్కడో ఉన్న వేడిని. ప్రోబ్ ఎక్కువ చూపే తప్పుని, సందు తక్కువ చూపించే తప్పు కప్పేసింది.

అలాంటిదే ఇంకో ముక్కకి లేత్ షాపులో 6.2 మిల్లీమీటర్ల రంధ్రాలు 110 లోతుకి వేయించాను. లావుకి కనీసం 15 రెట్ల లోతు ఉండాలంటారు, 6 మిల్లీమీటర్లకి అది 90. గొట్టం మొత్తం దిగి వైరు కూడా కొంత లోపలికి పోతుంది, మూతి దగ్గర దూది కుక్కాను. సందు నింపుదామని నూనె పోయాలనిపించింది, బావమరిది వద్దన్నాడు. నూనె కిందా పైనా తిరిగి కొత్త తేడాలు తెస్తుంది, మరకా పోదు.

స్విచ్ వేశాక 40 నిమిషాలు ఆగాను. బ్లాక్ వేడెక్కడానికి అంతసేపు అక్కర్లేదు, లోపలా పైనా ఒకే వేడికి రావడానికే పడుతుంది. రిఫరెన్స్ పది నిమిషాల్లో 0.02 మించి కదలనప్పుడు రాశాను. ఆ సమయంలో హీటర్ కంట్రోలర్ స్క్రీన్ 37.7 అంటోంది, రిఫరెన్స్ 37.50 అంటోంది. కంట్రోలర్ చూసేది హీటర్ పక్కనున్న తన సొంత సెన్సర్‌ని, రంధ్రం అడుగుని కాదు. లెక్కకి తీసుకోవాల్సింది రిఫరెన్స్‌నే.

A: 37.9375. B: 37.8125. C: 37.3125.

ఐస్‌లో అన్నిటికన్నా మంచి పేరు తెచ్చుకున్న A, గుడ్ల వేడి దగ్గర 0.4375 ఎక్కువ చూపిస్తోంది. అంటే స్క్రీన్ 37.5 అన్నప్పుడల్లా గుడ్లు 37.06 దగ్గరే ఉన్నాయి. B మాత్రం రెండు చోట్లా ఒకేలా 0.3125 ఎక్కువ. A, Bల రంధ్రాలు మార్చి చూసినా ప్రోబ్‌ల అంకెలు మారలేదు, తేడా రంధ్రాలది కాదని తేలింది. ఈసారి 10 మిల్లీమీటర్లు పైకి లాగినా A కదల్లేదు. రిఫరెన్స్‌ని 20 పైకి లాగితే 0.04 తగ్గింది. రిఫరెన్స్ అనిశ్చితి, బ్లాక్‌లో ఈ తేడా, సెన్సర్ మెట్టు అన్నీ కలిపి చూస్తే నా సవరణని 0.15 డిగ్రీ అటూ ఇటూగా నమ్మొచ్చు. అంతకన్నా మెరుగని ఈ సరంజామాతో చెప్పలేను.

ఇంక్యుబేటర్‌లో Bని పెట్టి, కోడ్‌లో ఈ ఒక్క లైను మార్చాను:

```
t = raw - 0.3125;
```

ఈ సవరణ 37.5 చుట్టుపక్కలకే. ఇదే ప్రోబ్‌తో పెరుగు తోడుకి 43 డిగ్రీలు చూడాలంటే బ్లాక్‌ని అక్కడ నిలిపి మళ్లీ కొలవాలి. రిఫరెన్స్ తిరిగి ఇచ్చేశాను కాబట్టి, గుడ్లు తీసిన ప్రతిసారీ Bని ఐస్‌లో ముంచుతాను. 0.3125 వస్తే సెన్సర్ జరగలేదనుకుంటాను. రెండు మెట్లు మించి మారితే రిఫరెన్స్ మళ్లీ అడిగి తెచ్చుకోవాలి.

బుధవారం 24 గుడ్లు పెట్టాను. ఏడో రోజున టార్చ్ వెలుగులో చూస్తాను.