గ్యాంగ్ కండెన్సర్ స్థానంలో డయోడ్: 7 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌తో నా అనుభవం

మన దేశంలో అమెచ్యూర్ రేడియో వారికి 40 మీటర్ల పట్టీలో 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు అనుమతి ఉంది. ఆ పట్టీని వినడానికి ఒక చిన్న డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్ కట్టాలని పూనుకున్నప్పుడు నాకు ఎదురైన మొదటి చిక్కు స్టేషన్లు మార్చడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సర్ దొరకకపోవడం. కోఠీలోని గుజరాతీ గల్లీలో దుకాణం తర్వాత దుకాణం అడిగాను. పాత రేడియోల నుంచి ఊడదీసినవి ఒకటి రెండు కనిపించాయి కానీ వాటి రేకులు ఒకదానికొకటి తగులుతున్నాయి. చివరికి 1N4007 డయోడ్ల పట్టీ ఒకటి, పది చుట్లు తిరిగే 10 కిలోఓమ్ పొటెన్షియోమీటర్ ఒకటి కొనుక్కుని, డయోడ్‌నే కండెన్సర్‌గా వాడదామనుకుని ఇంటికి వచ్చాను.

ఇది ఎలా సాధ్యమంటే, డయోడ్‌కు రివర్స్ బయస్ ఇచ్చినప్పుడు జంక్షన్‌కు రెండు పక్కలా ఉన్న ఎలక్ట్రాన్లు, హోల్స్ వెనక్కి జరిగి, మధ్యలో కదిలే ఆవేశాలు లేని ఒక పలుచని పొర మిగులుతుంది. దానిని డిప్లీషన్ పొర అంటారు. ఆ పొర కండెన్సర్‌లోని అభ్రకం రేకులా పనిచేస్తుంది, దానికి ఇరువైపులా ఉన్న సిలికాన్ రెండు లోహపు పలకల్లా పనిచేస్తుంది. వోల్టేజీ పెంచితే పొర మందమవుతుంది, పలకలు దూరమైనట్టు కెపాసిటెన్స్ తగ్గుతుంది. ఎంత వేగంగా తగ్గుతుందనేది జంక్షన్ దగ్గర మాలిన్యాలను ఎలా చేర్చారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. 1N4007 వంటి రెక్టిఫయర్‌లో వాటి సాంద్రత క్రమంగా మారుతుంది కనుక కెపాసిటెన్స్ ఇంచుమించు ఘనమూలం లెక్కన తగ్గుతుంది. ట్యూనింగ్ కోసమే తయారుచేసే వరాక్టర్లలో మాత్రం సాంద్రత జంక్షన్ దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా ఉండేలా చూస్తారు. వాటిలో తగ్గుదల చాలా చురుగ్గా ఉంటుంది.

1N4007 డేటాషీట్ 4 వోల్టుల దగ్గర 15 పికోఫారడ్లు అని చెబుతోంది. దాని నుంచి వెనక్కి లెక్కవేస్తే సున్నా వోల్టుల దగ్గర సుమారు 28 వస్తుంది. నేను కాగితం మీద రాసుకున్న సూత్రాలు ఈ రెండే:

```
f  = 1 / (2π√(LC))
Cj = 28 / (1 + V/0.7)^(1/3)   (pF)
```

పసుపు రంగు T50-6 టొరాయిడ్ మీద 32 చుట్లు చుడితే 4.1 మైక్రోహెన్రీలు వచ్చింది. ఆ కాయిల్‌తో 7.0 మెగాహెర్ట్జ్‌కు మొత్తం 126 పికోఫారడ్లు, 7.2 మెగాహెర్ట్జ్‌కు 119 కావాలి. అంటే పట్టీ మొత్తం తిరగడానికి కావలసిన మార్పు 7 పికోఫారడ్లు మాత్రమే. సూత్రం ప్రకారం ఒక్క డయోడే 1 వోల్టు దగ్గర 21, 9 వోల్టుల దగ్గర 12 కంటే కొంచెం తక్కువ ఇస్తుంది కనుక 9 పికోఫారడ్ల మార్పు చేతిలో ఉన్నట్టే. ఒక BFW10 ఫెట్‌తో రిసీవర్‌ను ట్యూన్ చేసే కాల్‌పిట్స్ ఆసిలేటర్ కట్టి, డయోడ్ ఆనోడ్‌ను గ్రౌండ్‌కు, కాథోడ్‌ను 1000 పికోఫారడ్ల కండెన్సర్ ద్వారా కాయిల్ పైకొసకు కలిపి, పొటెన్షియోమీటర్ మధ్య కాలి నుంచి 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కాథోడ్‌కు వోల్టేజీ ఇచ్చాను.

ఆసిలేటర్ వెంటనే పలికింది, కానీ లెక్కకు కట్టుబడలేదు. పొటెన్షియోమీటర్‌ను సున్నా నుంచి దాదాపు రెండున్నర చుట్లు తిప్పినా ఫ్రీక్వెన్సీ కౌంటర్‌లో అంకె దాదాపు కదలలేదు. ఆ తర్వాత కదలడం మొదలైనా, అది 7.0 నుంచి కాక 7.1 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి మొదలైంది. కదలని ఆ భాగంలో మరో రిసీవర్‌లో వింటే స్వరం గరుకుగా ఉంది. డయోడ్ మార్చాను, కాయిల్ మళ్ళీ చుట్టాను, చుట్టూ ఉన్న సోల్డర్ అంతా తిరిగి వేడి చేశాను. రెండు ఆదివారాలు అలా గడిచిపోయాయి.

మా ఊళ్ళో పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. నేను బోర్డు పట్టుకుని వెళ్ళి, పొటెన్షియోమీటర్ మధ్య కాలి దగ్గర వోల్టేజీ సరిగ్గానే ఉందని చెబితే, ఆయన నా మాట పూర్తికానివ్వకుండా, "అక్కడ కాదండీ, డయోడ్ కాళ్ళ మీద కొలవండి" అన్నారు. మల్టీమీటర్ తీగను నేరుగా తాకిస్తే ఆసిలేటర్ చెదిరిపోతుంది కనుక, ప్రోబ్ కొసన 1 మెగాఓమ్ రెసిస్టర్ అతికించి కొలిచాము. పొటెన్షియోమీటర్ సున్నా దగ్గర ఉంది. కాథోడ్ మీద మీటర్ 2.2 వోల్టులు చూపించింది. మీటర్ లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లు కనుక ఆ రెసిస్టర్ వల్ల పదకొండో వంతు తగ్గి కనిపిస్తుంది. అసలు విలువ 2.4 వోల్టులు.

నేను ఇవ్వని వోల్టేజీ అక్కడికి ఎలా వచ్చింది? డయోడ్‌కు అందేది నేనిచ్చిన డీసీ ఒక్కటే కాదు. కాయిల్ మీద ఊగుతున్న రేడియో ఫ్రీక్వెన్సీ వోల్టేజీ, అప్పుడు 3 వోల్టుల శిఖరంతో, దాని మీద మోస్తూనే ఉంది. బయస్ తక్కువైనప్పుడు ప్రతి ఊపులోనూ కాథోడ్ సున్నా కంటే కిందికి దిగి, డయోడ్ ఒక్క క్షణం ఫార్వర్డ్ దిశలో కరెంటు పంపిస్తోంది. ఆ కరెంటు 1000 పికోఫారడ్ల కండెన్సర్‌ను నింపుతోంది. అది 100 కిలోఓమ్‌ల గుండా ఖాళీ కావడానికి పట్టే సమయం ఒక ఊపు కంటే వందల రెట్లు ఎక్కువ. కనుక 3 వోల్టుల శిఖరంలో డయోడ్ తనకు పట్టే 0.6 వోల్టులు పోగా మిగిలిన 2.4 వోల్టులు కాథోడ్ మీద నిలిచిపోతున్నాయి. నేను 0 ఇచ్చినా 2 ఇచ్చినా డయోడ్ తన బయస్ తానే పెట్టుకుంటోంది. ప్రతి ఊపులో కాస్త శక్తిని కాయిల్ నుంచి లాగేసుకోవడం వల్లనే స్వరం గరుకైంది.

సూత్రంలో తప్పు లేదని తేల్చుకోవడానికి మాస్టారి సిగ్నల్ జనరేటర్, ఆసిలోస్కోప్ ఉపయోగపడ్డాయి. ఆసిలేటర్‌ను పక్కన పెట్టి, కాయిల్‌కు డయోడ్‌ను కలిపి, 100 మిల్లీవోల్టులకు మించని సిగ్నల్‌తో రెజొనెన్స్ ఎక్కడ వస్తుందో ఒక్కొక్క బయస్ దగ్గర చూశాము. తర్వాత డయోడ్ స్థానంలో విలువ తెలిసిన చిన్న కండెన్సర్లు పెట్టి పోల్చాము. 1 వోల్టు దగ్గర 20.8, 2 దగ్గర 17.9, 4 దగ్గర 14.8, 8 దగ్గర 12.1 పికోఫారడ్లు వచ్చాయి. ఆ అంకెల ఘనాల విలోమాలను గ్రాఫు కాగితం మీద వోల్టేజీకి ఎదురుగా గుర్తిస్తే చక్కని సరళరేఖ వచ్చింది. దానిని ఎడమ పక్కకు పొడిగిస్తే సుమారు మైనస్ 0.7 వోల్టుల దగ్గర అడ్డగీతను తాకింది. జంక్షన్‌లో సహజంగా ఉండే అంతర్గత వోల్టేజీ పాఠ్యపుస్తకంలో చదువుకున్నదే అయినా, నా పెన్సిల్ గీత అక్కడికే వెళ్ళి ఆగడం చూసి చాలా సేపు ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత సర్క్యూట్ మార్చాను. రెండు డయోడ్ల కాథోడ్లను ఎదురెదురుగా కలిపి, ఒక ఆనోడ్‌ను కాయిల్ పైకొసకు, రెండో ఆనోడ్‌ను గ్రౌండ్‌కు ఇచ్చి, బయస్‌ను మధ్యలోని కాథోడ్లకు పంపితే ఊపు ఇద్దరికీ సగం సగం పంచుకోబడుతుంది. పైగా ఒకదాని కెపాసిటెన్స్ పెరిగే క్షణాన రెండోదానిది తగ్గుతుంది కనుక వక్రీకరణ చాలావరకు రద్దవుతుంది. కాయిల్ రెండో కొస గ్రౌండ్‌కే ఉండటం వల్ల డీసీ దారి దానంతటదే ఏర్పడి, 1000 పికోఫారడ్ల కండెన్సర్ అవసరమే లేకపోయింది. అయితే సిరీస్‌లో కెపాసిటెన్స్ సగమవుతుంది కనుక ఒక్కొక్క పక్కన రెండేసి చొప్పున మొత్తం నాలుగు డయోడ్లు పెట్టాను. ఒకే పట్టీలోని పది డయోడ్లను కొలిచి, అర పికోఫారడ్‌లోపు తేడా ఉన్న నాలుగింటిని ఏరుకున్నాను. పొటెన్షియోమీటర్ అడుగున ఒక రెసిస్టర్ చేర్చి బయస్ 1.5 వోల్టుల కంటే దిగకుండా చూశాను. ఇప్పుడు 1.5 వోల్టుల దగ్గర 7.000, 9 వోల్టుల దగ్గర 7.215 మెగాహెర్ట్జ్ వచ్చాయి. కదలని భాగం పోయింది.

ఘనమూలం స్వభావం మాత్రం ఎక్కడికీ పోదు. పది చుట్లలో మొదటి రెండు చుట్లకే 85 కిలోహెర్ట్జ్ గడిచిపోతుంది, చివరి రెండు చుట్లకు 20 మాత్రమే కదులుతుంది. పట్టీ కింది కొసన 1 మిల్లీవోల్టుకు 80 హెర్ట్జ్, పై కొసన 12 హెర్ట్జ్. ఈ రెండు అంకెల తేడా నాకు తర్వాత రెండు సార్లు అక్కరకు వచ్చింది.

మొదటిది హమ్. కింది కొసన వినే కేరియర్ల ఈలలో వణుకు ఉంది, పై కొసన దాదాపు లేదు. హమ్ ఆడియో ఆంప్లిఫయర్‌లో పుడితే రెండు కొసల్లోనూ సమానంగా వినబడాలి. కింద మాత్రమే పెద్దదిగా ఉందంటే అది ట్యూనింగ్ వోల్టేజీ మీద ఎక్కి వస్తోందన్న మాట. పొటెన్షియోమీటర్‌కు అడాప్టర్ నుంచి కాక, ప్రత్యేకంగా 78L09 రెగ్యులేటర్ నుంచి సరఫరా ఇచ్చి, మధ్య కాలి నుంచి 10 కిలోఓమ్‌లు, 10 మైక్రోఫారడ్లతో వడగట్టాక ఈల నునుపుగా మారింది.

రెండోది వేడి. మేడ మీది గదిలో ఉదయానికీ మధ్యాహ్నానికీ 5 డిగ్రీలు పెరిగితే కింది కొసన 1400 హెర్ట్జ్, పై కొసన 700 హెర్ట్జ్ కిందికి జారింది. సిలికాన్ జంక్షన్ అంతర్గత వోల్టేజీ ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. బయస్ అంతే తగ్గించినట్టు ఫలితం ఉంటుంది. కింద అది డిగ్రీకి 160 హెర్ట్జ్, పైన 24. దానికి విరుగుడుగా బయస్ దారిలో, నాలుగు డయోడ్లకు ఆనుకునేలా, ఒక 1N4148 ను ఫార్వర్డ్ దిశలో పెట్టి, దాని అవతలి కొస నుంచి గ్రౌండ్‌కు 47 కిలోఓమ్‌లు కలిపాను. వేడెక్కినప్పుడు దాని మీద పడే వోల్టేజీ కూడా డిగ్రీకి 2 మిల్లీవోల్టులు తగ్గి, ఆ మేరకు కాథోడ్ల బయస్ పెరుగుతుంది. అది అర వోల్టు తినేయడం వల్ల పొటెన్షియోమీటర్ అడుగు రెసిస్టర్‌ను పెంచవలసి వచ్చింది, పై కొస 7.21 కు దిగింది. పట్టీకి అది సరిపోతుంది.

మళ్ళీ కొలిస్తే 5 డిగ్రీలకు రెండు కొసల్లోనూ 600 హెర్ట్జ్ జారింది. రెండు చోట్లా సమానంగా ఉందంటే ఇక అది డయోడ్ల పని కాదు, కాయిల్‌ది. T50-6 ఇండక్టెన్స్ డిగ్రీకి పది లక్షల్లో 35 వంతులు పెరుగుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 120 హెర్ట్జ్. స్థిర కండెన్సర్లలో వేడికి విలువ మారని 33 పికోఫారడ్ల ఎన్‌పీ-సున్నాను తీసి, వేడికి విలువ తగ్గే అదే విలువ పాలిస్టిరీన్‌ను పెట్టాక, మరుసటి మధ్యాహ్నం 5 డిగ్రీల తేడాకు కౌంటర్ 100 హెర్ట్జ్ లోపే కదిలింది.