‘కరిష్యే’ అన్నాక ఏడాది పొడుగునా

ఉగాది పూజకి కూర్చున్నప్పుడు సంకల్పం చివర మనం “కరిష్యే” అంటాం. మన తరఫున పురోహితుడు చేస్తే “కరిష్యామి” అంటాడు. రెండింటికీ అర్థం “చేస్తాను” అనే. కాకపోతే మొదటిది ఆత్మనేపదం, అంటే చేసిన పని ఫలం చేసినవాడికే చెందుతుంది. రెండోది పరస్మైపదం, ఫలం ఇంకొకరిది. ఏడాదికి ఒక మాట పెట్టుకుని దాని ప్రకారం నడవాలనుకునేవాళ్లు ముందు చూసుకోవలసింది ఈ క్రియాపదాన్నే. మనం పెట్టుకునే మాటల్లో చాలావాటికి ‘నేను చేస్తాను’ అనే క్రియ ఉండదు. “ప్రశాంతత”, “సానుకూల దృక్పథం”, “సర్వే జనాః సుఖినో భవంతు” వినడానికి బాగుంటాయి. రేపు పొద్దున ఏ పని మానాలో, ఏ పని చెయ్యాలో మాత్రం చెప్పవు.

సంకల్పం అలా ఉండదు. శ్వేతవరాహ కల్పం దగ్గర మొదలై ఇవాళ్టి తిథి దాకా కాలం చెబుతుంది. జంబూద్వీపం నుంచి మనం కూర్చున్న ఇంటి దాకా చోటు చెబుతుంది. గోత్రం, పేరు, ఆపైన చేసే పని. ఎంత పెద్ద కాలం నుంచి మొదలైనా చివరికి ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక పని దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఏడాది మాటని కూడా అలాగే కిందికి దించాలి. దించడానికి వీలైన శ్లోకం ఒకటి గీత పదిహేడో అధ్యాయంలో ఉంది, పదిహేనోది.

అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్ |
స్వాధ్యాయాభ్యసనం చైవ వాఙ్మయం తప ఉచ్యతే ||

ఎదుటివాళ్ల మనసు కలవరపెట్టనిది, నిజమైనది, వినడానికి ఇంపైనది, మేలు చేసేది అయిన మాట, దానితోపాటు స్వాధ్యాయం. ఇది నోటితో చేసే తపస్సు. ఈ నాలుగు గుణాలూ ఒకే మాటలో కలిసి ఉండాలని శంకరుల భాష్యం పట్టుబడుతుంది. నిజమే అయినా మిగతా మూడింట్లో ఒకటి తప్పితే అది వాక్తపస్సు కాదు. ఇంపుగా ఉండి నిజం కాకపోయినా అంతే. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా చిన్నదే: “శాంతో భవ వత్స, స్వాధ్యాయం యోగం చానుతిష్ఠ, తథా తే శ్రేయో భవిష్యతి”. నాయనా, శాంతించు, చదువూ యోగమూ సాగించు, నీకు మేలు జరుగుతుంది. పిలుపులో ప్రేమ ఉంది, చెయ్యవలసిన పని ఉంది, అది చేస్తే ఏమవుతుందో ఉంది. బెదిరింపు లేదు.

శ్లోకం మొత్తాన్ని ఏడాది మాటగా పెట్టుకోకూడదు, మొయ్యలేం. గడిచిన నెల రోజుల్లో అనవసరంగా అన్నాం అనిపించే మాటలు, అనవలసి ఉండి మింగేసిన మాటలు ఓ పది కాగితం మీద రాయాలి. అన్నది అన్నట్టే రాయాలి, “కోప్పడ్డాను” అని కాదు. ఒక్కోదాని పక్కన అనుద్వేగం, సత్యం, ప్రియం, హితం అనే నాలుగింట్లో ఏది తప్పిందో గుర్తు పెడితే, ఒక గడిలో గుర్తులు ఎక్కువ పడతాయి. మన మాట అక్కడ పుట్టాలి. అరిచి చెప్పేవాడికి “బెదరగొట్టకుండా చెప్తాను” సరిపోతుంది. మొహమాటస్తుడికి అది పనికిరాదు, ఎందుకంటే అతను ఎలాగూ ఎవర్నీ బెదరగొట్టడు. అతనికి కావలసింది “తెలిసిన నిజం దాచను, మేలు కోసమే చెప్తాను”. ఒకే శ్లోకం ఇద్దరికి రెండు వేర్వేరు మాటలిస్తుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన సూక్తి మనకి అతకకపోవడం ఇందుకే.

ఈ పరాభవ నామ సంవత్సరం 2026 మార్చి 19న మొదలైంది. అప్పటికి పెట్టుకోనివాళ్లు ఏ పాడ్యమి నాడైనా మొదలుపెట్టుకోవచ్చు. మాట పెట్టుకున్నాక దాన్ని ఒక చిన్న ప్రశ్న అడగాలి: ఈ మాట నన్ను దేనికి వద్దంటుంది? “నిజం దాచను” అనేది ఫోన్లో “ట్రాఫిక్‌లో ఉన్నాను” అనడాన్ని వద్దంటుంది. “సానుకూలంగా ఉంటాను” దేన్నీ వద్దనదు. దేన్నీ వద్దనని మాట గోడకి వేలాడే క్యాలెండర్ లాంటిది.

ఇంట్లో జరిగేది ఒకటి చూద్దాం. పదో తరగతి పిల్లాడికి ప్రీఫైనల్లో లెక్కల్లో 38 వచ్చాయి. తండ్రి రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి ప్రోగ్రెస్ కార్డు చూశాడు. నోట్లోకి మొదట వచ్చే వాక్యం “ఇలా అయితే నీకు ఏ కాలేజీలోనూ సీటు రాదు”. ఉద్వేగం సంగతి పిల్లాడి మొహమే చెబుతుంది. ఇంపు లేదు. హితం తండ్రి మనసులో ఉంది, వాక్యంలో లేదు. చాలామంది గమనించనిది ఏమిటంటే అది నిజం కూడా కాదు, అతిశయోక్తి. నాలుగూ తప్పాయి. “బెదరగొట్టకుండా చెప్తాను” అని పెట్టుకున్న తండ్రి చెప్పగలిగింది: “లెక్కల్లో 38 వచ్చాయి, తక్కువే. అన్నం తిన్నాక పేపరు తీసుకురా, ఏ చాప్టర్లో పోయాయో చూద్దాం.” మార్కులు తక్కువన్న నిజాన్ని తగ్గించలేదు. వాక్యం చివర ఒక పని ఉంది, శంకరుల ఉదాహరణలో ఉన్నట్టే.

ఇది తేలిక. ఇక్కడ మారింది మాట తీరు, నిర్ణయం కాదు. గట్టి పరీక్ష వేరే చోట వస్తుంది.

వరసకి బాబాయి ఫోన్ చేసి, “మీ ఆఫీసులో ఫలానా అబ్బాయి ఉన్నాడటగా, మా అమ్మాయికి అనుకుంటున్నాం, ఎలాంటివాడురా?” అని అడిగాడు. ఆ అబ్బాయి ముగ్గురు తోటి ఉద్యోగుల దగ్గర రెండు లక్షలు తీసుకుని ఏడాదిన్నరగా తిరిగివ్వలేదు. అందులో యాభై వేలు ఈ ఫోన్ ఎత్తినవాడివే. ఆన్‌లైన్ రమ్మీ ఆడతాడని కూడా ఆఫీసులో అనుకుంటారు, కళ్లారా చూసినవాళ్లు లేరు. మన దగ్గర ఇలాంటప్పుడు చెప్పే జవాబు తయారుగా ఉంటుంది: “మంచివాడే బాబాయ్, మిగతాది మీరు కనుక్కోండి.” కలవరపెట్టదు, ఇంపుగా ఉంది. నాలుగింట్లో రెండు నెగ్గినట్టే. కానీ సత్యం, హితం రెండూ పోయాయి. అవతల ఒక అమ్మాయి జీవితం ఉంది.

“తెలిసిన నిజం దాచను” అనేది నిజంగా పనిచేస్తుంటే ఇక్కడ నిర్ణయమే మారాలి. ముందు తెలిసినదాన్నీ విన్నదాన్నీ విడదీయాలి. అప్పు చూసింది, రమ్మీ విన్నది. విన్నది చెప్పడం సత్యం కిందికి రాదు, కాబట్టి అది నోటి నుంచి రాకూడదు. రెండోది, ఎవరితో చెప్పాలి? అడిగిన బాబాయితోనే, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు. పిన్నికీ, ఫ్యామిలీ గ్రూపుకీ కాదు. అప్పుడు వాక్యం ఇలా వస్తుంది: “బాబాయ్, పనిలో తెలివైనవాడే. డబ్బు విషయంలో నాకు తెలిసింది ఒకటుంది, నా దగ్గర యాభై వేలు తీసుకుని ఏడాదిన్నర అయింది, ఇంకా ఇవ్వలేదు. మరో ఇద్దరిదీ అంతే. అప్పుల సంగతి అబ్బాయినే నేరుగా అడగండి, ఆ తర్వాతే ముందుకెళ్లండి.” ఆ సంబంధం కుదిరినా కుదరకపోయినా ఆఫీసులో కొంత ఇబ్బంది తప్పదు. ఏడాది మొత్తంలో మన మాటకి ఇలాంటి ఖర్చు ఒక్కసారి కూడా పడలేదంటే దాన్ని మనం సుఖంగా ఉండే చోట్లే వాడుతున్నామని అర్థం.

మాటకి ముందు ఎంత ఆలోచన పట్టాలో సుందరకాండ ముప్పయ్యో సర్గలో కనిపిస్తుంది. చెట్టు మీద కూర్చున్న హనుమంతుడి దగ్గర నిజం ఉంది, సీతకి మేలు చేసే కబురు ఉంది. అయినా వెంటనే నోరు విప్పడు. “యది వాచం ప్రదాస్యామి ద్విజాతిరివ సంస్కృతామ్, రావణం మన్యమానా మాం సీతా భీతా భవిష్యతి” అనుకుంటాడు. పండితుడిలా సంస్కృతంలో పలికితే రావణుడనుకుని భయపడుతుంది. అందుకని మామూలు మనుషుల మాటే ఎంచుకుని, రాముడి కథతో మెల్లగా మొదలుపెడతాడు. విషయాన్ని మార్చలేదు, భాషనీ మొదటి వాక్యాన్నీ మార్చాడు. అనుద్వేగకరం అంటే ఇదే. చేదు నిజాన్ని చెప్పకుండా మానెయ్యడం కాదు.

మౌనం గురించి ఒక మాట. నోరు జారుతుందని భయపడి కొందరు అసలు మాట్లాడటమే తగ్గించేస్తారు, దాన్నే వాక్తపస్సు అనుకుంటారు. గీత మౌనాన్ని తర్వాతి శ్లోకంలో, మనసుతో చేసే తపస్సులో పెట్టింది. నోటి తపస్సు లెక్కలోకి రావాలంటే వాక్యం ఉండాలి.

పరీక్షకి పదిహేను రోజులు, ఒక పక్షం, చాలు. రాత్రి దీపం దగ్గరో పడుకోబోయే ముందో ఒకే ఒక సంగతి రాసుకోవాలి. రెండు వాక్యాలు: ఏమనబోయాను, ఏమన్నాను. రోజంతా గుర్తు రాకపోతే “గుర్తు రాలేదు” అని రాయాలి, ఖాళీ వదలకూడదు. మొదటి వారం అన్నీ “అన్నాక గుర్తొచ్చింది” అనే ఉంటాయి, దానికి కంగారు పడక్కర్లేదు. గుర్తు రావడం ‘అన్నాక’ నుంచి ‘అనబోయే ముందు’కి జరుగుతుందా లేదా అన్నదే చూడాలి. పక్షం చివర రెండు వాక్యాలూ ప్రతిరోజూ ఒకేలా ఉంటే ఆ మాట మనకి ముందే ఉన్న గుణం, దాని బదులు కష్టమైన గడిలోకి వెళ్లాలి. “గుర్తు రాలేదు” అన్నవే ఎక్కువైతే మాట మార్చక్కర్లేదు, శ్లోకంలో ఐదో అంశాన్ని వదిలేశామన్నమాట. స్వాధ్యాయాన్ని కృష్ణుడు ఊరికే జతచెయ్యలేదేమో అనిపిస్తుంది. పొద్దున దీపం పెట్టాక శ్లోకం ఒకసారి పైకి చదివితే, సాయంత్రం నోరు తెరిచేటప్పుడు అందుతుంది.

చెడిపోయే తీరు కూడా అదే అధ్యాయంలో కొద్ది శ్లోకాల తర్వాత దొరుకుతుంది. సత్కారం కోసం, గొప్ప కోసం చేసేది రాజసం, అది “చలమధ్రువమ్”, నిలకడ లేనిది. మన మాటని స్టేటస్‌లో పెట్టిన మర్నాటి నుంచి నోటుబుక్కు నిండటం ఆగిపోతే గుర్తుపట్టవచ్చు. మూర్ఖపు పట్టుతో తనని హింసించుకునేది, ఇతరుల్ని పాడుచెయ్యడానికి చేసేది తామసం. “నేను నిజమే మాట్లాడతాను” అంటూ పదిమందిలో కోడలి వంటని విమర్శించేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. దాన్ని పట్టుకోవడం సులువు: నోటుబుక్కులో మన వాక్యాల కన్నా ఎదుటివాళ్ల తప్పులు ఎక్కువ కనిపిస్తాయి.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం కూడా వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. అధికమాసంలో కొత్త వ్రతాలు పట్టరు, పట్టినవి విడవరు. పాత పేజీలు తిరగేసుకోవడానికి అలాంటి నెల బాగుంటుంది.

తప్పిన రోజు ఏం చెయ్యాలి అంటే, ఆ రోజే వెనక్కి వెళ్లి ఆ ఒక్క వాక్యాన్ని దిద్దాలి. “ఇందాక సీటు రాదన్నాను, అది నిజం కాదు. పేపరు తీసుకురా.” ఇంతే. మొన్నటివీ అటుమొన్నటివీ కలిపి పెద్ద క్షమాపణ మొదలుపెడితే పిల్లాడికి మళ్లీ ఉద్వేగమే.