లాసిక్ వద్దన్న లెక్క, పీఆర్‌కే తరువాతి రెండో రాత్రి

కళ్ళద్దాలు వదిలించే లేజరు ఆపరేషన్ లాసిక్ నాకు కుదరదని చెప్పిన డాక్టరుగారి మీద ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. అంతకుముందు వెళ్ళిన చోట నా రిపోర్టు మీద చూపైనా నిలపకుండా, "పది నిమిషాల పని, మర్నాడే ఆఫీసుకు వెళ్ళిపోవచ్చు" అన్నారు. కోపం రావలసింది నిజానికి ఆ మాట మీద.

నా రెండు కళ్ళకూ మైనస్ 6 పవర్ ఉంది, అది ఏడాదికి పైగా మారలేదు. కంటి ముందుభాగాన ఉండే పారదర్శక పొర కార్నియా మందం మాత్రం మధ్యలో 480 మైక్రాన్లే; సాధారణంగా అది 540 ప్రాంతంలో ఉంటుంది. డాక్టరుగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. లాసిక్‌లో ముందుగా దాదాపు 110 మైక్రాన్ల మందాన మూతలాంటి ఒక ఫ్లాప్ కోసి, దాన్ని పక్కకు తిప్పి, అడుగున లేజరుతో కార్నియాను చెక్కుతారు. నా పవర్ పోవాలంటే సుమారు 90 మైక్రాన్లు చెక్కాలి. ఇక అడుగున మిగిలేది 280. 250 కంటే తగ్గకూడదన్నది పాత హద్దే అయినా, 300 కంటే తక్కువ మిగలడం చాలామంది సర్జన్లకు ఇష్టముండదు. ఫ్లాప్ తిరిగి అతుక్కున్నట్టు కనిపించినా కంటికి మునుపటి బలాన్ని ఇవ్వదు, కనుక పలుచబడిన కార్నియా కొన్నేళ్ళకు ముందుకు ఉబ్బి చూపు వంకరపోయే ప్రమాదం ఉంది. దానికి బదులు ఆమె సూచించిన పీఆర్‌కే అనే లేజరు ఆపరేషన్‌లో ఫ్లాప్ ఉండదు. 50 మైక్రాన్ల పైపొరను మాత్రం తుడిచేసి, దాని కింద నేరుగా చెక్కుతారు. నా కంటిలో 340 మిగులుతుంది, తుడిచిన పైపొర తిరిగి పెరుగుతుంది.

అయితే మందం ఒక్కటీ చాలదని, కార్నియా పలుచబడి శంకువులా ఉబ్బే కెరటోకోనస్ అనే జబ్బు ఛాయ దాని వంపులో ఎక్కడైనా ఉంటే తాను పీఆర్‌కే కూడా చేయనని ఆమె చెప్పారు. కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకారాన్ని మార్చేస్తాయి కాబట్టి కొంతకాలం వాటిని మాన్పించి మరీ స్కాన్ తీయించారు. కళ్ళు నలుపుకునే అలవాటు ఉందా అని మా అక్కను కూడా విడిగా అడిగారు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మచ్చ కట్టకుండా మైటోమైసిన్ అనే మందును కొన్ని క్షణాలు అద్ది కడిగేశారు, పైన బ్యాండేజ్ లెన్సు పెట్టి పంపేశారు.

రెండో రాత్రి మాత్రం మరచిపోలేను. రెప్ప కదిలితే చాలు, కంట్లో గాజుపొడి రాసినట్టుండేది; కన్నీళ్ళకు దిండు తడిసిపోయింది, తలుపు సందులోంచి వచ్చే వెలుతురును కూడా భరించలేకపోయాను. చూపు పోయిందనే అనుకున్నాను. అక్క ఆసుపత్రికి ఫోను చేస్తే, ఎత్తినాయన "లాసిక్ చేయించుకున్నవాళ్ళెవరూ ఇలా అర్ధరాత్రి ఫోను చేయరమ్మా" అన్నాడు. లాసిక్‌లో పైపొర చాలావరకు చెదరదు, అందుకే నొప్పి కొన్ని గంటల్లో తగ్గుతుంది. పీఆర్‌కేలో అది పచ్చిపుండు, మూడు నుంచి ఐదు రోజులకు గాని మానదు. ఆ తేడా తెలియని మనిషిని రాత్రిపూట ఫోను దగ్గర కూర్చోబెట్టినవారిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

కాసేపటికి డాక్టరుగారే స్వయంగా ఫోను చేశారు. నొప్పి తగ్గి మళ్ళీ పెరిగిందా, చీము లాంటి పుసి ఉందా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తోందా అని అడిగారు. అక్క టార్చి పక్కకు పట్టుకుని చూసి, ఏవీ లేవని చెప్పింది. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే దాకా ఆగకుండా రావాలని, అది ఇన్ఫెక్షన్ కావచ్చని ఆమె అన్నారు. ఆపరేషన్‌కు ముందు వేసిన తిమ్మిరి చుక్కల మందును ఇవ్వమని బతిమాలాను. అది పదే పదే వేస్తే పైపొర పెరగడం ఆగిపోయి కార్నియాయే కరిగిపోతుందని, అందుకే ఎవరికీ ఇంటికి ఇవ్వరని చెప్పి, నొప్పి మాత్ర వేసుకోమన్నారు. ఆ మాట విన్నాక నొప్పి తగ్గలేదు గాని, భయం తగ్గింది.

లెన్సు తీసేశాక కూడా చూపు మసకగానే ఉంది. అంచుల నుంచి పెరిగిన పైపొర మధ్యలో కలిసేచోట చిన్న గట్టులా నిలుస్తుందట, అది సమమయ్యేదాకా అక్షరాలకు నీడలు పడతాయి. లాసిక్ చేయించుకున్నవారు మర్నాడే చదవగలుగుతారు. పీఆర్‌కేలో చూపు కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. మచ్చ కట్టకుండా స్టెరాయిడ్ చుక్కలను మెల్లగా తగ్గిస్తూ వేసుకోవాలి, వాటివల్ల కంటి ప్రెషర్ పెరగవచ్చు కాబట్టి దాన్ని కొలిపించుకుంటూ ఉండాలి. ఎండలో నల్లద్దాలు తప్పనిసరి. ఇంత తీరిక లేనివారు ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు నేను కళ్ళద్దాలు లేకుండానే చదువుతున్నాను. ఆపరేషన్‌కు ముందు తీసిన కొలతల కాగితాలను మాత్రం పారేయవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. లేజరు చెక్కిన కార్నియాకు రేపు శుక్లం ఆపరేషన్ చేయవలసి వస్తే, లోపల అమర్చే లెన్సు పవర్‌ను మామూలు లెక్కతో కడితే తప్పు వస్తుంది. అప్పుడు ఆ పాత అంకెలు పనికివస్తాయి. ఒక ప్రతి నా దగ్గర, ఒకటి అక్క దగ్గర ఉన్నాయి.